మీ దగ్గర ఉన్న నంబరుకే

మామగారు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని తనను వెతుక్కుంటూ వస్తుంటే కోడలికి ముందు అనుమానమే వచ్చింది. పెళ్లయిన ఎనిమిదేళ్లలో ఆయన ఆమెను అడిగిన సాయాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కళ్లజోడు ఎక్కడుందో చూడమన్నారు, ఫోనులో అక్షరాలు పెద్దవి చేయమన్నారు, బిల్లు కాగితం కాస్త అందంగా తయారుచేయమన్నారు. ఉత్తరం జోలికి మాత్రం ఎవరినీ రానిచ్చిన మనిషి కాదు.

"అమ్మాయ్, దీనికి కాస్త నగిషీ చెక్కు," అన్నారాయన. "విషయమంతా ఉంది. చదివినవాడికి చురుక్కుమనేలా నాలుగు మాటలు పడాలి, అంతే."

ఆయన కుర్చీల మేస్త్రి. సినిమా హాళ్లలో, మీటింగు హాళ్లలో, ఆసుపత్రి వరండాల్లో జనం కూర్చుని కూర్చుని నలగ్గొట్టిన సీట్లను విప్పి తెచ్చి, పాత స్పాంజి పీకి కొత్తది వేసి, పైన గుడ్డో రెక్సినో కుట్టి మళ్లీ బిగించడం ఆయన పని. షాపు అంటే ఒక పొడుగాటి రేకుల గది. ఒక గోడకు చెక్కలు, ఒక గోడకు గుడ్డ తానులు, మధ్యలో కటింగ్ బల్ల, కిటికీ పక్కన కుట్టు మిషను. ఊళ్లోవాళ్లందరికీ కుర్చీలు బాగుచేసే ఆ షాపులో, వచ్చినవాళ్లు కూర్చోవడానికి సరైన కుర్చీ ఒక్కటీ లేదు. పాపను బడిలో దింపి వచ్చాక కోడలు రోజూ రెండు మూడు గంటలు షాపులో గడుపుతుంది. అప్పుడు ఆమె ఆసనం చుట్టగా చుట్టిన స్పాంజి కట్ట. దాని మీద కూర్చుంటే మనిషి సగం లోపలికి దిగిపోతుంది, లేవాలంటే ఎవరైనా చెయ్యివ్వాలి.

ఉత్తరం దేని గురించో ఆమెకు చదవకముందే తెలుసు. ఆ షాపులో పన్నెండు రోజులుగా వేరే మాటే లేదు. ఒక కంపెనీ వాళ్ల మీటింగు హాలులో నూట ఎనభై కుర్చీలకు సీట్లు మార్చారు. పని బాగుందని హాలు మేనేజరమ్మ స్వయంగా మెచ్చుకుని, పంపిన ఆరో రోజుకే బిల్లు ఆమోదించేసింది. కంపెనీ పోర్టల్ తెరిస్తే బిల్లు పక్కన పచ్చటి అక్షరాలతో 'అప్రూవ్డ్' అని కనపడుతూనే ఉంది. ముప్పై రోజుల గడువు దాటింది. ఆ కంపెనీ చెల్లింపులు గురువారాలు చేస్తుందని ఆర్డరులోనే రాసుంది. రెండు గురువారాలు వచ్చాయి, పోయాయి. డబ్బు రాలేదు. బిల్లుల కోసం ఆర్డరులో ఇచ్చిన చిరునామాకు మేస్త్రి రెండు ఈమెయిళ్లు పంపారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. రోజూ పొద్దున్నే ఆ పచ్చ అక్షరాలు చూసి చూసి ఆయనకు పచ్చరంగంటేనే ఒళ్లు మండుతోంది.

ఆయన తొందరకు కారణం కిటికీ పక్కన కూర్చుని ఉంది. ఆవిడను అందరూ కత్తెరక్క అంటారు. పంతొమ్మిదేళ్లుగా ఆ షాపులో పడిన ప్రతి కుట్టూ ఆవిడదే. ఈమధ్య కుడి మణికట్టుకు పట్టీ కట్టుకుని వస్తోంది. పాత మిషను మందపాటి రెక్సిన్ని సరిగ్గా లాగదు. చేత్తో తోస్తూ కుట్టాలి. ఇలాగే తోస్తే చెయ్యి పనికిరాకుండా పోతుందని డాక్టరు చెప్పాడు. పై పొరనూ కింది పొరనూ తనే కలిపి లాక్కుపోయే పెద్ద మిషను ఒకటి, వాడినదే అయినా మంచిది, మేస్త్రి వెతికి పట్టుకుని బయానా ఇచ్చారు. మిషన్ల షాపతను శనివారం మధ్యాహ్నం దాకా ఆపుతానన్నాడు. తర్వాత ఇంకొకరు పట్టుకుపోతారు. మేస్త్రి చేతిలో ఉన్నదంతా ఆ నూట ఎనభై కుర్చీల్లోకే పోయింది. మిషను రాకపోతే నెలాఖరుకు మానేసి చెల్లెలి కొట్లో కూర్చుంటానని కత్తెరక్క చెప్పేసింది. కోపంగా కాదు, మామూలుగానే చెప్పింది. మేస్త్రికి ఆ మామూలుతనమే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రోజు సోమవారం.

కోడలు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. "గౌరవనీయులైన హాలు మేనేజరు గారి దివ్యసముఖమునకు" అని ఎత్తుకుని, ఉత్తరం మూడు పేజీలు నడిచింది. మొదటి పేజీ అంతా మేస్త్రి గారి నాన్నగారు తాళ్లతో మంచాలు అల్లిన రోజుల నుంచి షాపు చరిత్ర. రెండో పేజీలో "మా సంస్థ నిజాయితీకి మారుపేరు" అనే మాట నాలుగు చోట్ల ఉంది. మూడో పేజీలో స్వరం మారింది. "పని చేయించుకునేటప్పుడు ఉన్న ఉత్సాహం డబ్బు ఇచ్చేటప్పుడు ఏ గంగలో కలిసింది" అని ఒక ప్రశ్న. "ఈ ఉత్తరం ప్రతి మీ డైరెక్టరు గారికి కూడా పంపుచున్నాము" అని ఒక హెచ్చరిక. కింద 'అర్జెంటు' అని మూడుసార్లు.

"మామయ్యా, ఇందులో బిల్లు నంబరేదీ?"

"ఏం, వాళ్లకి తెలీదా?"

"రోజుకి వాళ్లకి రెండు మూడొందల బిల్లులొస్తాయి. నంబరు లేకపోతే మనదేదో వెతికి పట్టుకునేదెవరు?"

ఆయన కాస్త తగ్గారు. "సరే, నంబరు వెయ్యి. మిగతాది?"

కోడలు నవ్వాపుకుంది. పెళ్లికి ముందు, తర్వాత పాప పుట్టేదాకా, ఆరేళ్లపాటు ఆమె ఉద్యోగం ఒక పెద్ద కంపెనీ అకౌంట్స్‌లో, బిల్లులు చెల్లించే విభాగంలో. ఇలాంటి ఉత్తరాలు రోజూ ఆమె బల్ల మీదికి వచ్చేవి. పొడుగు ఉత్తరాన్ని ఎవరూ చదవరని, తిట్టు ఉన్న ఉత్తరాన్ని పక్కనపెట్టి టీ తాగి వస్తారని ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మామగారి దృష్టిలో మాత్రం ఆ ఉద్యోగం ఎప్పుడో జరిగిన సంగతి. ఎవరైనా అడిగితే "మా కోడలు ఇంట్లోనే ఉంటుంది" అనేవారు. అబద్ధం కాదు గానీ ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు ఎక్కడో కలుక్కుమనేది.

"మొదట దీన్ని మేనేజరమ్మకి పంపకూడదు మామయ్యా. ఆవిడ పని ఆవిడ ఆరు రోజుల్లో చేసేసింది. బిల్లు ఆమోదించడం ఆవిడ పని, డబ్బు పంపడం అకౌంట్స్ పని. ఈ ఉత్తరం ఆవిడ పైవాళ్లకి వెళ్తే, చేసిన మంచికి మనమే చెప్పుచ్చుకు కొట్టినట్టుంటుంది. మళ్లీ మనకి పని ఇస్తుందా?"

మేస్త్రి గడ్డం గోక్కున్నారు. మేనేజరమ్మంటే ఆయనకు గౌరవమే. "అయితే డైరెక్టరు పేరు తీసెయ్. నిజాయితీ మాత్రం ఉంచు."

"ఆ మాట దొంగలే ఎక్కువ రాస్తారు మామయ్యా."

కిటికీ దగ్గర నుంచి కత్తెరక్క నవ్విన శబ్దం వినపడింది. మేస్త్రి అటు ఉరిమి చూసి, వచ్చి కోడలి భుజం మీదుగా స్క్రీను మీద వేలు పెట్టారు. "ఏది తీసినా తియ్యి, చివర్న ఉన్న ఈ రెండు లైన్లు మాత్రం ముట్టుకోకు. అసలు సంగతంతా అక్కడే ఉంది."

ఆమె చివరికి దిగి చదివింది. "మా కొత్త బ్యాంకు ఖాతా నంబరు ఈ దిగువన ఇవ్వడమైనది. డబ్బు తక్షణమే ఈ ఖాతాలోనే వేయగలరు. సందేహములున్న ఈ కింది నంబరుకు ఫోన్ చేయగలరు."

"ఆ ఫోన్ నంబరు నాదే వేశాను," అన్నారాయన. "మీ అత్తయ్యది వేస్తే ఫోన్ చేసినవాడు బతికి బట్టకట్టడు."

కోడలు నవ్వలేదు. ఆమె వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ముందు పంపిన రెండింట్లో కూడా ఈ ఖాతా నంబరు ఇలాగే రాశారా?"

"రాశాను. పాతది మూసేశాం కదా. పొరపాటున అందులో వేస్తే?"

పాత బ్యాంకు శాఖ ఊరి అవతలికి మారిపోయిందని, రెండు నెలల కిందట ఇంటి వీధిలోనే ఉన్న బ్యాంకులో కొత్త ఖాతా తెరిచి పాతది మూసేశారు. సరిగ్గా అప్పుడే ఆయన బిల్లు కాగితం అందంగా చేయమన్నారు. ఆమె సరదాపడి చేసింది. పైన నీలం గీత, మధ్యలో చక్కటి గళ్లు, అడుగున కొత్త ఖాతా వివరాలు. ఆ కొత్త కాగితం మీద వెళ్లిన మొదటి బిల్లు ఇదే.

ఆమె పోర్టల్ తెరిచింది. బిల్లు దగ్గరికి కాదు, పక్కనున్న షాపు వివరాల పేజీలోకి వెళ్లింది. అక్కడ బ్యాంకు అన్నచోట ఇంకా పాత ఖాతానే ఉంది.

డబ్బు ఎక్కడ ఆగిందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఖాతా మారితే ఒక ఫారం నింపి, సంతకం పెట్టి, బ్యాంకు ఇచ్చిన లేఖ జతచేసి కంపెనీకి పంపాలి. పంపితేనే వాళ్ల రికార్డు మారుతుంది. బిల్లు మీద ఒక ఖాతా, రికార్డులో ఇంకో ఖాతా కనపడితే, బిల్లు ఎంత చక్కగా ఆమోదం పొందినా సరే, డబ్బు దగ్గర తాళం పడుతుంది. ఆ తాళం బయటివాళ్లకు కనపడదు. పోర్టల్‌లో పచ్చ అక్షరాలు పచ్చగానే ఉంటాయి. ఇదంతా ఆమెకు ఒకరు చెప్పాలా? ఆరేళ్లలో అలాంటి తాళాలు ఎన్ని వేసిందో, అలాంటి ఫారాలు ఎన్ని చూసిందో. చూసింది, సరిచూసింది, ఫైలు చేసింది. ఆ ఫారం ఎప్పుడూ ఆమె దగ్గరికి వచ్చేదే తప్ప ఆమె దగ్గర నుంచి వెళ్లింది కాదు. ఎవరో ఒకరు కూర్చుని గుర్తుపెట్టుకుని పంపితేనే అది వస్తుందన్న ఆలోచనే ఆమెకు తట్టలేదు.

ఆ క్షణంలో ఒక సులువైన దారి కూడా కనపడింది. ఫారం తను గుట్టుగా పంపేస్తే సరి. మామగారు కంపెనీని తిట్టుకుంటూనే ఉంటారు, డబ్బు వచ్చాక నగిషీ మహత్యం అనుకుని మురిసిపోతారు. ఎవరికీ ఏమీ తెలియదు. కిటికీ దగ్గర మిషను ఆగింది. కత్తెరక్క మణికట్టు పట్టీ విప్పి, బిగించి కట్టుకుంటోంది.

"మామయ్యా, తప్పు వాళ్లది కాదు. నాది," అంది కోడలు.

అంతా చెప్పింది. ఆయన వింటూ వింటూ పట్కారు తీసుకుని, బల్ల మీదున్న పాత చెక్క నుంచి తుప్పుపట్టిన పిన్నులు ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టారు. ఆలోచన వస్తే ఆయన చేసే పని అది. పది పిన్నులు డబ్బాలో పడ్డాయి.

"వంకర కుట్టు పడితే ఏం చేస్తాం?" అన్నారు చివరికి, చెక్క మీంచి తల ఎత్తకుండా.

"విప్పుతాం," అంది కత్తెరక్క. "పంతొమ్మిదేళ్లలో నేను విప్పిన కుట్లన్నీ కలిపితే ఆ హాలు చుట్టూ రెండుసార్లు తిప్పొచ్చు. నువ్వు ఒక్కటి విప్పడానికి మొహం అలా పెట్టావేంటి కోడలుపిల్లా?"

కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడానికి స్క్రీను వైపు వంగింది. అప్పుడు ఇంకో సందేహం వచ్చింది. ఖాతాలు తేడాగా ఉంటే కంపెనీవాళ్లు ఊరికే కూర్చోరు. ఉత్తరం రాయరు, ఎందుకంటే ఉత్తరం రాసేది అసలు మనిషో కాదో తెలియదు. రికార్డులో మొదటి నుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి, మీరు ఖాతా మార్చారా అని అడుగుతారు. తనూ అలాగే చేసేది. మరి ఫోన్ రాలేదేం? ఆమె షాపు వివరాల పేజీలో, తొమ్మిదేళ్ల కిందట కంపెనీ దగ్గర షాపు పేరు నమోదైనప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు చూసింది. ఆ నంబరు ఆమెకు కంఠతా వచ్చు.

"తొమ్మిదేళ్ల కిందట అత్తయ్య నంబరు ఇచ్చారా మామయ్యా?"

"అప్పుడు నా ఫోన్ జిగురు డబ్బాలో పడింది," అన్నారు మేస్త్రి.

అత్తగారు ఒంటిగంటకు క్యారియర్ తీసుకుని వచ్చారు. వీధిలో ఆవిడకు ఫోన్ దొంగల పాలిటి యముడని పేరు. లాటరీ వచ్చిందన్నవాడికి, కరెంటు కట్ చేస్తామన్నవాడికి, మీ అబ్బాయి ఆసుపత్రిలో ఉన్నాడన్నవాడికి ఆవిడ పెట్టిన చీవాట్లు రాత్రి భోజనాల దగ్గర మళ్లీ నటించి చూపించేవారు. ఇంటిల్లిపాదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు.

"అత్తయ్యా, పోయిన నెలలో మీకెవరైనా ఫోన్ చేసి బ్యాంకు ఖాతా గురించి అడిగారా?"

"అడక్కేం? ఒకమ్మాయి. మీకు చెప్పాను కదే. గొంతు ఎంత తియ్యగా ఉందో. 'మీ షాపు బ్యాంకు ఖాతా ఏమైనా మార్చారా అండీ' అంది. మార్చలేదు, మార్చం, ముందు నీ ఖాతా ఏదో చెప్పు పోలీసులకిస్తానన్నాను. 'అంటే మార్చలేదు అంటారు, అంతేనా అండీ' అంది పాపం, మళ్లీ మర్యాదగానే. మీ అమ్మకి తెలుసా నువ్వు చేసే ఉద్యోగం అని అడిగి పెట్టేశాను."

"మార్చాం కదటే," అన్నారు మేస్త్రి నీరసంగా.

"మార్చాం. ఆ సంగతి దొంగకెందుకు చెప్తాను?"

కోడలికి ఆ రాత్రి గుర్తొచ్చింది. మంచి పని చేశారత్తయ్యా అని అందరికంటే ముందు మెచ్చుకున్నది తనే. ఇప్పుడు ఆ అవతలి గది ఆమెకు కళ్లకు కట్టినట్టు కనపడింది. ఎవరో అమ్మాయి, తను ఒకప్పుడు కూర్చున్నటువంటి బల్ల దగ్గర, ఈ షాపు పేరు ఎదురుగా 'ఖాతా మార్చలేదని ఫోనులో చెప్పారు' అని రాసుకుని ఉంటుంది. ఆ తర్వాత రెండు ఉత్తరాలు వచ్చాయి. రెండింట్లోనూ అర్జెంటు అర్జెంటు అని, మార్చలేదన్న ఖాతాలోనే తక్షణం డబ్బు వేయమని, సందేహం ఉంటే రికార్డులో లేని కొత్త నంబరుకు ఫోన్ చేయమని. అచ్చంగా దొంగ రాసినట్టే ఉన్నాయి. ఆ అమ్మాయి స్థానంలో తనుంటే జవాబు ఇచ్చేదా? చచ్చినా ఇచ్చేది కాదు.

విషయం అర్థమయ్యాక అత్తగారు క్యారియర్ విప్పడం ఆపేశారు. కత్తెరక్క చేతి వైపు చూశారు. "అయితే ఈవిడ మిషను నా నోటి మూలాన పోతోందా?"

"కాదత్తయ్యా. మీరు చేయాల్సింది మీరు చేశారు, ఆ అమ్మాయి చేయాల్సింది ఆ అమ్మాయి చేసింది. ఫారం పంపాల్సింది నేను."

అన్నాలు తిన్నాక పని మొదలైంది. మేస్త్రి కొత్త బ్యాంకుకు వెళ్లి, ఖాతా షాపు పేరు మీదే ఉందని లేఖ తెచ్చారు. ఫారం మీద సంతకం పెట్టి ముద్ర వేశారు. కోడలు రెండూ పోర్టల్‌లోకి ఎక్కించింది. తర్వాత ఆ మూడు పేజీల ఉత్తరం తెరిచి, ఆయన చూస్తుండగానే పైనుంచి కింది దాకా చెరిపేసింది. ఆయన ఒక్క నిట్టూర్పు విడిచారు గానీ అడ్డు చెప్పలేదు. మేనేజరమ్మ పేరు పోయి అకౌంట్స్ విభాగం చిరునామా వచ్చింది. 'అర్జెంటు' స్థానంలో బిల్లు నంబరు, ఆర్డరు నంబరు వచ్చాయి. అరగంట తర్వాత ఆమె బయటికి చదివింది.

"నమస్కారం. హాలు కుర్చీల పనికి సంబంధించిన మా బిల్లు నంబరు 118 గత నెల ఆరో తేదీన మీ పోర్టల్‌లో ఆమోదం పొందింది. ముప్పై రోజుల గడువు ఈ నెల ఆరున ముగిసింది. చెల్లింపు ఏ దశలో ఉందో, ఏ గురువారం జాబితాలో చేరే వీలుందో దయచేసి తెలియజేయండి.

"బిల్లు మీద ఉన్న బ్యాంకు ఖాతా, మీ రికార్డులో ఉన్న ఖాతా వేరుగా ఉన్నాయని గమనించాము. మార్పు ఫారం ముందే పంపకపోవడం మా పొరపాటు. ఈ రోజు బ్యాంకు లేఖతో సహా పోర్టల్ ద్వారా పంపాము. ఈ ఉత్తరంలో ఖాతా వివరాలు ఇవ్వడం లేదు. నిర్ధారణ కోసం ఈ ఉత్తరంలో గానీ, మా పాత ఉత్తరాల్లో గానీ ఉన్న నంబరుకు చేయవద్దు. తొమ్మిదేళ్లుగా మీ దగ్గర ఉన్న నంబరుకే ఫోన్ చేయగలరు. క్రితంసారి అక్కడ మీకు వచ్చిన జవాబు మా ఇంటివారి జాగ్రత్త వల్ల వచ్చింది. అందుకు మన్నించండి."

"ఇది ఉత్తరమా, మందుల చీటీయా," అన్నారు మేస్త్రి. తర్వాత తనే మళ్లీ అడిగారు. "ఆ ఫోన్ మాట ఇంకోసారి చదువు."

చదివింది.

"దొంగైతే ఆ మాట రాయలేడు," అన్నారాయన నెమ్మదిగా. "తన చేతిలో లేని ఫోనుకి చెయ్యమని ఎలా రాస్తాడు? పంపెయ్ తల్లీ."

మంగళవారం ఒక్క జవాబు వచ్చింది. మీ ఉత్తరం అందింది, ఫలానా నంబరుతో నమోదు చేశాం అని యంత్రం పంపేది. మేస్త్రి దానికి కూడా పొంగిపోయారు. గురువారం జాబితా ఏ కంపెనీలోనైనా ముందు రోజు సాయంత్రానికే మూసేస్తారని కోడలికి తెలుసు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా కడుపులోనే పెట్టుకుంది.

బుధవారం పొద్దున్నే అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని షాపుకొచ్చి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పదకొండింటికి మోగింది. ఎవరో కుర్రాడు, అప్పు కావాలా అని. ఆవిడ నోటిదాకా వచ్చిన తిట్టు మింగి, "వద్దు బాబూ, వేళకి అన్నం తింటున్నావా?" అని అడిగి పెట్టేశారు. కత్తెరక్క కుట్టు వదిలేసి మరీ నవ్వింది. "ఆ కుర్రాడు ఇవాళ నక్కతోక తొక్కి వచ్చాడు," అన్నారు అత్తగారు కసిగా.

రెండయింది. రెండున్నరయింది. మేస్త్రి పిన్నులు పీకడానికి పాత చెక్కలన్నీ అయిపోయాయి. మిషన్ల షాపతను కూడా ఒకసారి ఫోన్ చేశాడు, ఇంకొకరు వచ్చి చూసి వెళ్లారని. మూడింటికి పది నిమిషాలుండగా అత్తగారి ఫోన్ మోగింది. ఆవిడ స్పీకరు పెట్టారు.

"నమస్కారమండీ. క్రితం నెల ఒకసారి చేశాను," అంది అవతలి గొంతు, కొంచెం బెదురుగా.

"తెలుసమ్మా. తియ్యటి గొంతు. నిన్ను అనరాని మాటలన్నాను, మనసులో పెట్టుకోకు."

"లేదండీ. మీలాగా అందరూ ఉంటే మాకు పని సగం తగ్గుతుంది." కాగితాలు తిప్పిన చప్పుడు. ఆ అమ్మాయి షాపు పేరు అడిగింది, ఏ పని చేశారో అడిగింది, ఖాతా మార్చారా అని అడిగింది. అత్తగారు మూడింటికీ పరీక్షలో చెప్పినట్టు గుక్క తిప్పుకోకుండా జవాబు చెప్పారు. "కొత్త ఖాతా చివరి నాలుగంకెలు చెప్పగలరా అండీ?"

ఫోనులో అడిగినవాళ్లకు అంకెలు చెప్పడం ఆవిడ జీవితంలో చేయని పని. అత్తగారు కోడలి వైపు చూశారు. కోడలు తల ఊపి, చీటీ ముందుకు జరిపింది. అత్తగారు ఆ నాలుగంకెలూ గొంతు తగ్గించి, రహస్యం చెప్పినట్టు చెప్పారు.

"ఓటీపీ మాత్రం అడక్కు తల్లీ. అది నా వల్ల కాదు."

"అడగనండి. అది ఎవరడిగినా చెప్పకండి." ఆ అమ్మాయి మొదటిసారి నవ్వింది. "సరిపోయిందండీ. రేపటి జాబితాలో పెడుతున్నాను. ఎల్లుండికి మీ ఖాతాలో పడుతుంది. ఒక మాట అడగొచ్చా? మీ దగ్గర నుంచి వచ్చిన మొదటి రెండు మెయిళ్లు మేం పక్కన పెట్టేశాం. పాత నంబరుకే చేయమన్న ఆ ఒక్క ముక్క లేకపోతే ఇదీ వాటి పక్కకే పోయేది. ఎవరు రాశారండీ?"

అత్తగారు చెప్పబోయేలోపే మేస్త్రి బల్ల మీంచి వంగి ఫోన్ దగ్గర నోరు పెట్టారు.

"మా షాపు లెక్కలు, ఉత్తరాలు చూసే ఆవిడ," అన్నారాయన. "మా కోడలే. అందులో ఆరితేరిన మనిషి. ఇకమీదట ఉత్తరం ఏదైనా ఆవిడ పేరు మీదే వస్తుంది. మీ కాగితాల్లో అలా రాసుకోండి."

"దానికీ ఒక ఫారం ఉందండీ," అంది ఆ అమ్మాయి.

"పంపుతాను," అంది కోడలు. "ఈ రోజే పంపుతాను."

శుక్రవారం పదింటికి డబ్బు పడింది. శనివారం మధ్యాహ్నానికి ముందే నలుగురు మనుషులు పెద్ద మిషను దింపి, కిటికీ పక్కన పెట్టి వెళ్లారు. కత్తెరక్క దాని చుట్టూ ఒకసారి తిరిగి, నూనె చుక్కలు వేసి, దారం ఎక్కించింది. రెండు పొరల రెక్సిన్ మిషను పాదం కింద పెట్టి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని తొక్కింది. రెక్సిన్ దానంతట అదే సాఫీగా ముందుకు నడిచింది. కోడలు అటే చూస్తూ నిలబడిపోయింది.

కుట్టింది ఒక సీటు గుడ్డ. నీలం రంగు. అది ఏ ఆర్డరులోదో కోడలికి గుర్తు రాలేదు. మేస్త్రి గుడ్డ అందుకుని స్పాంజి మీద లాగి, చెక్క కింద టకటకా పిన్నులు కొట్టి, గోడ దగ్గర కొత్తగా రంగు వేసి ఆరబెట్టిన కుర్చీకి బిగించారు. అరచేత్తో ఒకసారి నొక్కి చూసుకుని, కుర్చీని కటింగ్ బల్ల చివర ఉన్న ల్యాప్‌టాప్ ఎదురుగా జరిపారు.

"ఆ స్పాంజి కట్ట ఇలా ఇవ్వమ్మాయ్," అన్నారాయన. "సోమవారం పనికి కావాలి. నువ్వు ఇందులో కూర్చో."